నాలుగు నిమిషాల సింగిల్ టేక్ వదిలేసి, ఏడు చిన్న టేకుల్లో మిర్చి కల్లం వీడియో ఎలా తీశానంటే...

ఫిబ్రవరి చివర్లో మా బాబాయి ఫోన్ చేశాడు. "రేపు సాయంత్రానికి కాయ గుంటూరు యార్డుకి వెళ్లిపోతుందిరా, వీడియో తీసుకుంటానన్నావుగా, రా" అన్నాడు. ప్రత్తిపాడు దగ్గర ఊరు మాది. కల్లంలో ఆరబోసిన తేజ మిర్చి ఎలా ఎండుతుంది, టిక్కీల్లోకి ఎలా వెళ్తుందన్నది నా వీడియో. కట్ లేకుండా కల్లమంతా తిరుగుతూ చెప్పేయాలని నాలుగు నిమిషాల స్క్రిప్ట్ బట్టీ పట్టాను.

ఆరుసార్లు ప్రయత్నించాను. ఆరుసార్లూ రెండో నిమిషం దాటాక ఎక్కడో ఒకచోట తడబడ్డాను. ఒక్క మాట తప్పితే మొత్తం మొదటి నుంచే. ఈలోగా ఎండకి ఫోన్ వేడెక్కి, హీట్ వార్నింగ్ ఇచ్చి రికార్డింగ్ ఆపేసింది. ఫోన్ నీడలో పెట్టి, స్క్రిప్ట్ మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

ముందు నాకు అర్థమైంది ఏంటంటే, సింగిల్ టేక్ స్క్రిప్ట్‌ని ఊరికే ముక్కలు చేస్తే సరిపోదు. నా పాత స్క్రిప్ట్‌లో ఒక చోట ఇలా ఉంది: "ఇందాక చూశాం కదా, అవి అలా ఎండాక, వీటిలోంచి తాలు కాయలు ఏరేస్తారు, అదయ్యాక..." ఇందులో "ఇందాక", "అవి", "అదయ్యాక" మూడూ వెనకటి వాక్యం మీద ఆధారపడినవే. వెనకది మర్చిపోతే ఇదీ పోతుంది. దాన్నే ఇలా మార్చాను: "ఎండిన మిర్చిలో రంగు వెలిసిపోయి, తెల్లబడిన కాయల్ని తాలు అంటారు. తాలు కలిస్తే రేటు తగ్గుతుంది. అందుకే కూలీలు కూర్చుని ఏరతారు." మూడు వాక్యాలు, ఎవరి మీదా ఆధారపడవు. దీని ముందు ఏ టేక్ వచ్చినా అర్థమవుతుంది.

ఇలా మొత్తం ఏడు టేకులయ్యాయి. ఒక్కోటి ఇరవై, ఇరవై ఐదు సెకన్లు. "సరే, ఇప్పుడేమో" లాంటి అతుకులు పోవడంతో వీడియో మూడు నిమిషాల లోపుకి వచ్చింది. గుర్తుపెట్టుకోవడానికి ప్రతి టేక్‌కీ చేతిలో ఒక వస్తువు పెట్టుకున్నాను. ఎండు పరీక్ష టేక్‌లో కాయని చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. ఆ శబ్దం వినగానే నాకు రావాల్సిన మాట వచ్చేసేది. స్క్రిప్ట్ కాగితం చూడాల్సిన పనే పడలేదు.

టేకులు దేనికది విడిగా ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. వరస మార్చి తీయొచ్చు. ఇది నాకు ఒక దెబ్బ తిన్నాకే తెలిసింది. నేను మొదటి టేక్ నుంచి వరసగా తీస్తుంటే, కూలీలు అవతల కుప్ప ఎత్తి టిక్కీలు కుడుతున్నారు. నాలుగో టేక్‌కి కుప్ప సగమైపోయింది. వీడియోలో "కల్లం నిండా కాయ" అని నేనంటుంటే వెనక ఖాళీ నేల! అందుకే మిగతావి పక్కన పెట్టి, కుప్ప కనబడాల్సిన టేకులు ముందు తీసేశాను. కుట్టిన టిక్కీలు ఎక్కడికీ పోవు కదా, అవి చివర్లో. మీరు ఏది తీసినా, తరిగిపోయేది ముందు తీయండి.

ఇక అతికించడం. ప్రతి టేక్‌కీ మొదట, చివర రెండు సెకన్లు నోరు మూసుకుని కెమెరా వైపు చూడండి. కట్ చేయడానికి అంత జాగా కావాలి. రెండు పక్క పక్క టేకులు ఒకే దూరం నుంచి, ఒకే చోట తీస్తే అతికించినచోట మనిషి ఎగిరినట్టు కనిపిస్తుంది. ఒకటి దూరం నుంచి తీస్తే, తర్వాతది దగ్గర నుంచి తీయండి, లేదా నిలబడే చోటు మార్చండి.

అసలు ఇబ్బంది రంగుతో వచ్చింది. ఫ్రేమ్ నిండా ఎర్ర మిర్చి ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ ఎరుపుని తగ్గించాలని చూస్తుంది. దాంతో ఒక టేక్‌లో నా ముఖం మామూలుగా, ఇంకోదాంట్లో పచ్చగా పాలిపోయినట్టు వచ్చింది. ప్రో వీడియో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ 5500K దగ్గర పెట్టేసి, ఆ రెండో టేక్ మళ్లీ తీశాను. ప్రో మోడ్ లేకపోతే తెర మీద నొక్కి పట్టుకుంటే ఐఫోన్‌లో AE/AF LOCK వస్తుంది గానీ, అది ఎక్స్‌పోజర్‌నీ ఫోకస్‌నీ మాత్రమే ఆపుతుంది, రంగుని కాదు. అప్పుడు తెల్ల టిక్కీనో, చొక్కానో ఫ్రేమ్‌లో ఉండేలా చూసుకోవడం కొంత నయం.

చివరగా, ఎవరూ మాట్లాడకుండా అరనిమిషం కల్లం శబ్దం విడిగా రికార్డ్ చేశాను. ఎడిటింగ్‌లో దాన్ని అన్ని టేకుల కిందా పరిస్తే, గాలి శబ్దం ఒక చోట ఉండి ఒక చోట తెగిపోవడం చాలావరకు వినబడలేదు.

నడక ఆగకుండా చూపించడమే వీడియో అసలు విషయమైతే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సింగిల్ టేకే తీయాలి. హిచ్‌కాక్ కూడా 1948లో తీసిన 'రోప్'లో రీలు పది నిమిషాలకు మించి రాకపోవడంతో, కొన్ని కట్లు నటుల కోటు వెనక దాచాడు. నా వీడియోలో ఒక కట్ మోసుకెళ్తున్న టిక్కీ వెనక ఉంది. బాబాయి రెండుసార్లు చూసి కూడా కనిపెట్టలేదు.