ఖర్చయిన కోటికి పడిన పైపు ఎంత?

ఒక మండలంలో 20 కిలోమీటర్ల మంచినీటి పైప్‌లైన్ వేస్తున్నారనుకుందాం. కిలోమీటరుకు 10 లక్షల చొప్పున ఎస్టిమేటు 2 కోట్లు. గడువు 10 నెలలు. అంటే నెలకు 2 కిలోమీటర్లు పడాలి. ఐదో నెలాఖరున అకౌంట్స్ సెక్షన్ నుంచి ఒక కాగితం వచ్చింది. ఇప్పటికి కోటి రూపాయలు ఖర్చు కావలసి ఉండగా సరిగ్గా కోటి ఖర్చయిందని దాని సారాంశం. అది చదివినవాళ్లెవరైనా పని సవ్యంగా సాగుతోందనే అనుకుంటారు. కానీ ఆ కోటికి పైపు ఎంత పడిందో ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సైట్ ఇంజనీరు ఎం-బుక్ తెరిచి చూస్తే కొలతలకెక్కింది 8 కిలోమీటర్లే. దానికి ఎస్టిమేటు రేటు కడితే 80 లక్షలు. పూర్తయిన పనికి ఇలా మొదటి అంచనా రేటుతో కట్టిన విలువనే ఆర్జిత విలువ, ఇంగ్లీషు పేరుతో ఎర్న్‌డ్ వాల్యూ అంటారు. ఖర్చు ఎంతయినా ఈ విలువ మారదు. 8 కిలోమీటర్లకు కోటి పెట్టినా, 60 లక్షలే పెట్టినా ఆర్జించింది 80 లక్షలే. ఈ పద్ధతి ప్రాణమంతా ఇందులోనే ఉంది.

ఇక సూచీలు. ఆర్జించిన 80 లక్షలను ఖర్చయిన కోటితో భాగిస్తే 0.8 వస్తుంది. ఇది ఖర్చు సూచీ, రిపోర్టులో సీపీఐ అని ఉంటుంది. పెట్టిన ప్రతి రూపాయికీ 80 పైసల పనే జరిగిందని దీని భావం. అదే 80 లక్షలను ఈపాటికి జరగాల్సిన కోటి రూపాయల పనితో భాగిస్తే వచ్చేది షెడ్యూలు సూచీ, ఎస్‌పీఐ. మన పైప్‌లైన్‌కు అదీ 0.8 అయింది గానీ, రెండూ ఒకటే కావాలని లేదు. రోజుకు అనుకున్నంత పైపు పడుతున్నా, నేలలో బండ తగిలి తవ్వకం ఖర్చు పెరిగితే మొదటిది మాత్రమే తగ్గుతుంది. పైపులు ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వస్తే దెబ్బ ముందుగా రెండోదానికి తగులుతుంది. ఏది 1 కంటే తగ్గినా అటువైపు వెళ్లి కారణం వెతకాలి.

అసలు ప్రశ్న ఆ తర్వాతది. మొత్తం పని పూర్తయ్యేసరికి ఎంతవుతుంది? దీనికి ఒక్క జవాబు లేదు. ముందు కారణం తెలియాలి. 2, 3 కిలోమీటర్ల మేర మాత్రమే బండ తగిలి, మిగతా అంతా మెత్తటి నేలే అని తెలిస్తే, మిగిలిన 12 కిలోమీటర్లూ పాత రేటుకే పడతాయనుకోవచ్చు. ఖర్చయిన కోటికి మిగిలిన పని 1.2 కోట్లు కలిపితే 2.2 కోట్లు. అలా కాక కూలి రేట్లే పెరిగాయనుకోండి, అవి రేపూ ఉంటాయి. అప్పుడు మొత్తం ఎస్టిమేటును ఖర్చు సూచీతో భాగించాలి.

EAC = BAC ÷ CPI = 2 ÷ 0.8 = 2.5 కోట్లు

ఇందులో ఎడమవైపున్నది పూర్తయ్యేనాటి ఖర్చు అంచనా, దాని పక్కది మొదటి బడ్జెట్. మూడో దారి ఇంకా కఠినమైనది. వెనకబడిన పనిని గడువులోగా ఎలాగైనా ముగించాలంటే రాత్రి షిఫ్టులు, అదనపు మనుషులు, అదనపు యంత్రాలు కావాలి. ఆ భారం కూడా లెక్కలోకి రావాలంటే మిగిలిన పనిని రెండు సూచీల లబ్ధంతో, అంటే 0.64తో భాగించి, ఖర్చయినదానికి కలుపుతారు. అప్పుడు మొత్తం 2.87 కోట్లు దాటుతుంది. ఒకే సైటుకు 2.2 నుంచి 2.87 దాకా మూడు అంకెలు. ఏది రాశారన్నదానికంటే ఎందుకు అది ఎంచుకున్నారన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

కాంట్రాక్టరు గానీ అధికారి గానీ 2 కోట్లలోనే ముగించేస్తామంటే ఆ మాటను పరీక్షించే లెక్క కూడా ఉంది. మిగిలిన పని 1.2 కోట్లది, మిగిలిన డబ్బు కోటి. అంటే ఇకపై ప్రతి రూపాయికీ రూపాయి ఇరవై పైసల పని జరగాలి. ఇంతవరకు 80 పైసల పని చేసినవాళ్లు రేపటి నుంచి అలా ఎలా చేస్తారో చెప్పగలిగితేనే ఆ హామీని నమ్మాలి.

ఈ పద్ధతి అమెరికా రక్షణశాఖలో వేళ్లూనింది. 1967లో ఆ శాఖ పెద్ద కాంట్రాక్టులకు 35 నిబంధనలు పెట్టింది. అక్కడి కాంట్రాక్టులనే పరిశీలించిన డేవిడ్ క్రిస్టెన్సెన్, పనిలో ఐదో వంతు పూర్తయ్యాక మొదటినుంచీ కూడిన ఖర్చు సూచీ 0.10 కంటే ఎక్కువ మారడం అరుదని 1990లలో చూపించాడు. రక్షణ రంగం బయట ఈ సూత్రం అన్నిచోట్లా నిలవలేదు, కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోకూడదు. అయినా ‘ముందు ముందు సర్దుకుంటుంది’ అనే మాటకు రుజువు అడగడానికి అది చాలు.

అలా అడగకపోతే ఏమవుతుందో ఏ-12 యుద్ధ విమానం కథ చెబుతుంది. 1988లో అమెరికా నౌకాదళం దీన్ని మెక్‌డొనెల్ డగ్లస్, జనరల్ డైనమిక్స్ కంపెనీలకు అప్పగించింది. పని వెనకబడుతోందనీ, ఖర్చు మితిమీరుతోందనీ నెలవారీ రిపోర్టులు చూపించాయి. రక్షణశాఖలోని విశ్లేషకులు ఆ సూచీల నుంచే పెద్ద అంకెలు కట్టారు. కింది అధికారులు మాత్రం తక్కువ అంచనాలనే పైకి పంపారు. పని బాగానే ఉందని 1990 ఏప్రిల్‌లో రక్షణమంత్రి డిక్ చెనీ కాంగ్రెస్‌కు చెప్పాడు. కొద్ది వారాలకే కంపెనీలు తమవల్ల కాదన్నాయి. 1991 జనవరి 7న ఆయనే ఆ ప్రాజెక్టును రద్దు చేశాడు. దానిమీద నడిచిన దావా 2014లో గానీ తేలలేదు. లెక్క తప్పలేదు, దాన్ని పైకి పోనివ్వలేదు.

లెక్కే తప్పే సందర్భాలూ ఉన్నాయి. అన్నిటికంటే తరచుగా తప్పేది కొలతలో. పైపు పడింది, కానీ ప్రెజర్ టెస్టు కాలేదు, కందకం పూడ్చలేదు. దాన్ని ‘తొంభై శాతం పూర్తి’ అని రాసేస్తే సూచీ ఆ నెల అందంగా కనబడుతుంది, ఆ తర్వాత నెలల తరబడి అక్కడే ఆగిపోతుంది. తవ్వకానికి ఇంత, పైపు వేయడానికి ఇంత, టెస్టుకు ఇంత అని వాటాలు ముందే రాసుకుని, ఆ దశ ముగిశాకే ఆ వాటా వేయాలి. ఖర్చు వైపూ జాగ్రత్త ఉండాలి. పని జరిగి బిల్లు ఇంకా రాకపోతే ఖర్చు తక్కువగా కనబడి సూచీ 1 దాటిపోతుంది. ఒకే నెలలో అది ఉన్నట్టుండి పెరిగితే ముందు పెండింగ్ బిల్లులు చూడండి.

షెడ్యూలు సూచీకి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. మన పైప్‌లైన్ ఇదే వేగంతో సాగితే పన్నెండున్నర నెలలకు పూర్తవుతుంది. పన్నెండో నెలాఖరుకు 19.2 కిలోమీటర్లు పడతాయి, సూచీ 0.96 చూపిస్తుంది. పని ముగిసిన రోజున 1 చూపిస్తుంది, రెండున్నర నెలలు ఆలస్యమైనా సరే. అందుకే చివరి భాగంలో రూపాయలతో కాక నెలలతో కొలవాలి. 8 కిలోమీటర్లు నాలుగో నెలకే పడాల్సింది, పడింది ఐదో నెలకు, కాబట్టి 4 బై 5. ఈ లెక్క పని ముగిసిన రోజున కూడా ఆలస్యాన్ని దాచదు. రైల్వే లైను కింద పైపు దాటించే ముక్కకు అనుమతి రాకుండా మిగతా పొలాల్లోని సులువైన కిలోమీటర్లన్నీ వేసేస్తే సూచీ బాగుంటుంది, కానీ ఊళ్లకు నీళ్లు రావు. పనుల క్రమం ఈ అంకెల్లో కనబడదు, దాన్ని విడిగా చూసుకోవాల్సిందే.

మీ చేతికి ఇలాంటి రిపోర్టు వస్తే, చివరి అంచనా పక్కన దాన్ని ఏ పద్ధతిలో కట్టారో, మిగిలిన పని ఆ రేటుకే ఎందుకు అవుతుందనుకున్నారో రాసి ఉందేమో చూడండి. ఆ రెండూ లేకపోతే సంతకం పెట్టకుండా తిప్పి పంపండి.