కాలు తీస్తే ఆగే కారు

మా బాబాయి ముప్పై ఏళ్లుగా పెట్రోలు కారు నడుపుతున్నారు. ఎలక్ట్రిక్ కారు చూద్దామని ఆయన్ని హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌కి తీసుకెళ్లాను. రోడ్డెక్కాక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశారు. బండి వేగం తగ్గకుండా అలాగే సాగిపోయింది. “ఏరా, కాలు తీస్తే అదే ఆగుతుందన్నావుగా?” అన్నారు. స్క్రీన్ మీద చూస్తే బ్యాటరీ 100 శాతం ఉంది. అప్పుడే ఛార్జర్ నుంచి తీసిన బండి అది. మర్నాడు ముందే ఫోన్ చేసి, 70 శాతం ఉన్నప్పుడు అదే బండి ఎక్కాం. ఈసారి కాలు తీయగానే సీటు బెల్టు బాబాయి భుజాన్ని పట్టి ఆపింది.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఎలక్ట్రిక్ కారులో కాలు తీసినప్పుడు మోటారు పని తిరగబడుతుంది. అప్పటిదాకా చక్రాలను తిప్పిన మోటారును ఇప్పుడు చక్రాలే తిప్పుతాయి. అది జనరేటర్‌గా మారి కరెంటు పుట్టిస్తుంది. ఆ పనికి అయ్యే శ్రమే బండిని వెనక్కి పట్టి లాగుతుంది. దీన్నే రీజనరేటివ్ బ్రేకింగ్, వాడుకలో రీజెన్, అంటారు. పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళ్లాలి. నిండుకుండలో నీళ్లు పట్టనట్టే, నిండిన బ్యాటరీలో కరెంటు పట్టదు. అందుకే టెస్ట్ డ్రైవ్‌లో మొదట చూడాల్సింది ఛార్జ్ శాతం. 60, 70 మధ్య ఉంటే బండి అసలు స్వభావం తెలుస్తుంది.

దీనివల్ల కలిసొచ్చేది ఎంత? 1,600 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే, అందులో తిరిగి దక్కే కరెంటుతో మహా అయితే 300 మీటర్లు పోవచ్చు. అడుగడుగునా సిగ్నల్ ఉన్న ఊళ్లో అది బాగానే పోగవుతుంది. ఆగకుండా పోయే హైవే మీద దక్కేది చాలా తక్కువ. అక్కడ రీజెన్ తగ్గించి బండిని దానంతటదే సాగనివ్వడమే మేలు.

రీజెన్ ఎంత బలంగా ఉండాలో చాలా కార్లలో మనమే ఎంచుకోవచ్చు. నెక్సాన్ ఈవీలో అయితే 0 నుంచి 3 వరకు ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద 40 వేగంతో వెళ్తూ, ఒక కరెంటు స్తంభం దగ్గర కాలు తీసి బండి ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఒక్కో స్థాయి మార్చి అదే స్తంభం దగ్గర మళ్లీ చేయండి. చివర్లో పూర్తిగా ఆగుతుందా, లేక నడక వేగానికి తగ్గి మెల్లగా ముందుకు పాకుతుందా అన్నది ముఖ్యం. ఒక్క పెడల్‌తోనే నడపడం మొదటి రకంలోనే కుదురుతుంది. రెండో రకంలో సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కక తప్పదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి, వెనక్కి జారుతుందేమో కూడా చూడాలి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు కాలు ఒక్కసారిగా తీసేయడం. వెనక కూర్చున్నవాళ్లకు కడుపులో తిప్పుతుంది. పాదం ఎత్తకుండా పెడల్ మీదే ఉంచి, ఒత్తిడిని కొద్దికొద్దిగా వదలాలి. ఒక అరగంటలో పాదానికి అలవాటవుతుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. రీజెన్ బ్రేకుకు ప్రత్యామ్నాయం కాదు. తడి రోడ్డు మీదో ఇసుక మీదో చక్రం జారితే, పట్టు కోసం బండి రీజెన్‌ను తగ్గించేస్తుంది. ఆ క్షణంలో కారు ముందుకు దూకినట్టనిపిస్తుంది. పిల్లాడు అడ్డొస్తే కాలు బ్రేకు మీదకే పోవాలి. అందుకే ఖాళీ రోడ్డులో, పక్కవాళ్లకు చెప్పి, ఒకసారి బ్రేకు గట్టిగా నొక్కి చూడాలి. ఇంకొకరిని బండికి వెనక దూరంగా బైక్ మీద రమ్మని, కాలు తీసినప్పుడు బ్రేకు లైటు వెలుగుతుందో లేదో అడగాలి. రీజెన్ బలంగా ఉన్నప్పుడు వెలగాలి. లేకపోతే వెనకొచ్చే లారీకి మనం ఆగుతున్నట్టు తెలియదు.

తిరుమల లాంటి ఘాట్ దిగేవాళ్లకు ఇంకో మాట. పెట్రోలు కారైతే రెండో గేరులో దిగుతాం. ఎలక్ట్రిక్ కార్లలో దాదాపుగా మార్చుకునే గేర్లుండవు, ఆ పని రీజెన్‌దే. కొండ మీద బ్యాటరీ పూర్తిగా నింపుకుని దిగితే భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. పైన 80 శాతంతో ఆపి బయల్దేరితే ఆ ఇబ్బంది ఉండదు.

ఆ రోజు షోరూమ్ నుంచి బాబాయి తన పాత కారులోనే ఇంటికి బయల్దేరారు. మొదటి మలుపు దగ్గర కాలు తీసి, బండి ఆగుతుందనుకుని బ్రేకు కాస్త ఆలస్యంగా నొక్కారు. ముందున్న ఆటోకు మూరెడు దూరంలో ఆగాం. కారు పక్కకు తీసి, “రెండు రకాల బళ్లు ఇంట్లో ఉంటే కష్టంరా” అన్నారు.