మీకు తెలుసా? దగ్గితే జారే చుక్కకు మందు కండరంలోనే ఉంది

దగ్గినా, పకపకా నవ్వినా పొట్టలోని ఒత్తిడి ఒక్కసారిగా మూత్రాశయం మీద పడుతుంది. కాన్పుల తర్వాత దాన్ని కింద నుంచి మోసే కటి కండరాలు వదులైతే, మూత్రనాళం గట్టిగా మూసుకోక చుక్కలు జారతాయి. వయసు మీద పడిందని సరిపెట్టుకోవాల్సిన బాధ కాదిది. గ్యాస్‌నీ మూత్రాన్నీ ఆపుకుంటున్నట్టు ఆ కండరాలను లోపలికి, పైకి బిగించి, కొన్ని క్షణాలు ఉంచి, పూర్తిగా వదలాలి. విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు చేయాలి. పిరుదులు బిగుసుకున్నా, ఊపిరి బిగబట్టినా పద్ధతి తప్పినట్టే. తుమ్ము వస్తోందనగానే ముందే బిగించడం అలవాటు చేసుకుంటే చుక్కలు తగ్గుతాయి. మూత్రంలో మంట ఉన్నా, రక్తం కనిపించినా మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.