యాభై తొమ్మిది రూపాయలకు ఏమివ్వాలి?

హోసూరులో మా పిన్ని బ్లౌజులు కుడుతుంది. కటింగ్ నేర్పే యూట్యూబ్ ఛానల్ కూడా నడుపుతుంది. వీడియోలు తీసేది, పెట్టేది నేనే. పోయినేడాది ఛానల్‌కి డబ్బు కట్టే సభ్యత్వం, అంటే 'జాయిన్' బటన్ పెట్టాం. మొదటిసారి దెబ్బతిన్నాం. మన క్లాసులో కూడా ఛానళ్లున్నవాళ్లు ఉన్నారు కదా, మేం చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

బటన్ రావాలంటే అయిదువందల మంది సబ్‌స్క్రైబర్లుండాలి. గడచిన 90 రోజుల్లో మూడు వీడియోలు పెట్టి ఉండాలి. ఏడాదిలో మూడు వేల గంటలు జనం చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి 30 లక్షల వ్యూస్ రావాలి. పిల్లల కోసమని గుర్తుపెట్టిన ఛానల్‌కి ఈ బటన్ రాదు.

మేం రెండు మెట్లు పెట్టాం. 59 రూపాయల మెట్టులో పేరు పక్కన బ్యాడ్జి, సొంత ఎమోజీలు, వీడియో రెండు రోజులు ముందే చూసే వీలు ఇచ్చాం. 159 రూపాయల మెట్టులో వాట్సాప్‌లో ఎప్పుడైనా డౌట్ అడగొచ్చన్నాం. చూడ్డానికి ఘనంగానే ఉంది. 59కి ఇరవైముగ్గురు చేరారు. మూడో నెలకు తొమ్మిదిమందే మిగిలారు.

ఎందుకు? బ్యాడ్జి కనబడేది కామెంట్లలో, లైవ్ చాట్‌లో. తరచూ లైవ్ పెట్టే ఛానల్లో పదిమంది మధ్య దానికి గౌరవం ఉంటుంది. మేం అప్పటికి ఒక్క లైవ్ కూడా పెట్టలేదు, ఇక బ్యాడ్జి ఎవరికి చూపించుకుంటారు? ముందే చూడటమూ అంతే. సీరియల్ కథైతే తొందరుంటుంది గానీ, చేతి కటింగ్ నేర్చుకునేవాళ్లకు రెండు రోజులు అటైనా ఇటైనా ఒకటే.

159 మెట్టు ఇంకో రకంగా ముంచింది. ఆరుగురే చేరారు. ఒక్కొక్కరు నెలకు అయిదు డౌట్లు, ఒక్కో డౌట్‌కి పది నిమిషాలు. మొత్తం అయిదు గంటలు. పన్ను, యూట్యూబ్ వాటా పోగా ఆరుగురి మీద వచ్చింది 565 రూపాయలు. ఆ అయిదు గంటల్లో పిన్ని రెండు లైనింగ్ బ్లౌజులు కుట్టేసేది. అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ మోగుతుంటే, "ఇదేం బేరమే తల్లీ" అంది.

అప్పుడు కూర్చుని పాత కామెంట్లు రెండువందలు నోటుబుక్కులో వేరు చేశాం. పొగడ్తలు ఒక కుప్ప. "తర్వాతి వీడియో ఎప్పుడక్కా" అనేవి ఒక కుప్ప. అన్నిటికన్నా పెద్ద కుప్ప మూడోది: "నా ఛాతీ కొలత 38, భుజం జారిపోతోంది, ఎక్కడ తగ్గించాలి?" "చంక దగ్గర ముడతలొస్తున్నాయి, ఏం చేయాలి?" వీడియో 36 కొలతకు ఉంటుంది, చూసేవాళ్ల ఒళ్లు వేరే కొలత. వాళ్లు ఆగిపోయేది అక్కడే. డబ్బిచ్చేది కూడా దానికే.

'మీకేం కావాలి' అని పోల్ పెట్టి అడగొచ్చు కదా అంటారేమో. ముందు అదే చేశాం. అన్నిటికీ 'కావాలి' అనే వచ్చింది. అడిగితే ఎవరూ వద్దనరు. అడక్కుండానే వాళ్లు పదే పదే రాసిందే నిజం.

ఇప్పుడు మెట్టు ఒక్కటే, 59 రూపాయలు. నెలాఖరు ఆదివారం సభ్యులకు మాత్రమే లైవ్. వాళ్లు చాట్‌లో కొలతలు రాస్తే పిన్ని న్యూస్‌పేపర్ మీద గీసి చూపిస్తుంది. మర్నాడు ఆ కొలతల పట్టిక సభ్యులకు మాత్రమే కనబడే పోస్టులో పెడతాం. ఒకరి డౌట్‌కి చెప్పిన జవాబు అందరికీ పనికొస్తుంది. పిన్నికి నెలకు మూడు గంటల పని. ఇదివరకు ఉచితంగా ఉన్న వీడియో ఒక్కటి కూడా తలుపు వెనక్కి నెట్టలేదు. కొత్తవాళ్లు వచ్చేది ఆ దారినే కదా.

లెక్క ఇలా ఉంటుంది. 59లో 18 శాతం జీఎస్టీ తొమ్మిది రూపాయలు. మిగిలిన యాభైలో యూట్యూబ్ 30 శాతం తీసుకుంటుంది, మనకు ముప్ఫై అయిదు. ఇప్పుడున్న సభ్యులు ముప్ఫై ఒక్కరు, అంటే నెలకు 1,085 రూపాయలు. ధనవంతులం కాలేదు. కానీ పోయిన నెల ఉన్నవాళ్లలో ఇద్దరే మానేశారు. నేను ముందు చూసేది ఆ అంకెనే. కొత్తగా ఎంతమంది చేరారన్నది పిన్ని మీద అభిమానాన్ని చెబుతుంది. రెండో నెల ఎంతమంది మళ్లీ కట్టారన్నదే మనం ఇచ్చినదాని విలువ చెబుతుంది.

మీరూ పెట్టాలనుకుంటే ముందు నోటుబుక్కు తీయండి. మూడో కుప్ప ఏదో తేలాకే బటన్ నొక్కండి.