చుక్క పెట్టింది ఎవరు?

రాత్రి పదకొండుంబావుకి మా తమ్ముడి చుక్క సూర్యాపేట దాటగానే ఆగిపోయింది.

హైదరాబాద్ నుంచి విజయవాడకి ఒక్కడే కారులో బయల్దేరాడు. ఎల్బీనగర్ దాటగానే వాట్సాప్‌లో ఎనిమిది గంటల లైవ్ లొకేషన్ పెట్టాడు. అమ్మ నా ఫోన్ పట్టుకుని కూర్చుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ అంటూ చుక్క ఊరు దాటినప్పుడల్లా పైకే చదువుతోంది. సూర్యాపేట తర్వాత చదవడానికి ఏమీ లేకుండా పోయింది. పదకొండున్నరకీ అక్కడే, పన్నెండుకీ అక్కడే. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. "అక్కడే ఉన్నాడు కదరా, కదలట్లేదు. ఏమైందో ఏమో" అని అమ్మ నన్ను చెప్పులు వేసుకోమంది.

పన్నెండూ నలభైకి వాడే ఫోన్ చేశాడు, నందిగామలో టీకొట్టు దగ్గర నుంచి. అంటే సూర్యాపేట నుంచి ఎనభై కిలోమీటర్లు పైనే వచ్చేశాడు. ఫోన్ సైలెంట్‌లో వెనక సీటు మీది సంచిలో ఉంది. ఛార్జింగ్ తగ్గేసరికి బ్యాటరీ సేవర్ తనంతట తానే ఆన్ అయింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ మోడ్‌లో ఉండగా తెర ఆరిపోతే లొకేషన్ తీసుకోవడం కూడా ఆగిపోతుంది. కారు నడుస్తూనే ఉంది, చుక్క మాత్రం నిలబడిపోయింది.

ఆ చుక్క మాకు అబద్ధం చెప్పలేదు. దాని పక్కనే చిన్న అక్షరాల్లో, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో రాసే ఉంది. మేం మ్యాప్ చూశాం, ఆ సమయం చూడలేదు. "పదకొండుంబావుకి ఈ ఫోన్ ఇక్కడుంది" అని అది చెబుతుంటే, "పన్నెండున్నరకి మీవాడు ఇక్కడున్నాడు" అని మేం చదువుకున్నాం. ఈ రెండు వాక్యాల మధ్య తేడా ఎంతో ఆ రాత్రి మా అమ్మ మొహంలో చూశాను. ఈ కథనం రాయాలనిపించింది అందుకే.

మెసేజింగ్ యాప్‌లో "ఎక్కడున్నావ్?" అన్న ప్రశ్నకి జవాబు మూడు రకాలుగా వస్తుంది. అడ్రస్ టైప్ చేసి పంపవచ్చు, పిన్ పంపవచ్చు, లైవ్ పెట్టవచ్చు. వాడుకలో మూడింటినీ "లొకేషన్ పంపాడు" అనే అంటాం. కానీ ఒక్కోదాని వెనక మాట ఎవరిదో చూస్తే మూడూ మూడు వేర్వేరు సాక్ష్యాలు. అడ్రస్ మనిషి చెప్పిన మాట. లైవ్ ఫోన్ చెప్పే మాట. తికమకంతా మధ్యలో ఉన్న పిన్‌తోనే, అది ఎవరి మాటో పైకి చూస్తే తెలియదు.

వాట్సాప్‌లో లొకేషన్ నొక్కగానే వచ్చే పేజీని ఒకసారి తీరిగ్గా చూడండి. పైన Share live location ఉంటుంది. దాని కింద Send your current location, పక్కనే ఎన్ని మీటర్ల తేడాతో అన్న అంకె ఉంటాయి. ఆ కింద చుట్టుపక్కల గుడి, బ్యాంకు, హోటల్ పేర్ల వరుస. ఆ వరుసలో ఒక పేరు నొక్కితే వెళ్లేది ఆ గుడి పిన్నో, ఆ బ్యాంకు పిన్నో, మన పిన్ మాత్రం కాదు. అవతలివాళ్లకి బొమ్మ కింద ఆ పేరు కనిపిస్తుంది. కాబట్టి పేరున్న పిన్ వచ్చిందంటే పంపినవాళ్లు ఆ చోటుని ఎంచుకున్నారనే అర్థం, అక్కడ నిలబడి పంపారని కాదు. టెలిగ్రామ్‌లో అయితే మ్యాప్‌ని వేలితో జరిపి, ఎక్కడ ఆపితే అక్కడి చుక్కనే పంపవచ్చు. వరంగల్‌లో వంటింట్లో కూర్చుని తిరుమల పిన్ పంపడానికి పట్టేది అర నిమిషం. అది మోసం కానక్కర్లేదు. పెళ్లి శుభలేఖతో పాటు కల్యాణ మండపం పిన్ పంపేవాళ్లు మండపంలో కూర్చుని పంపరు కదా.

లోపల చూస్తే పిన్ అంటే రెండు అంకెలే, అక్షాంశం ఒకటి, రేఖాంశం ఒకటి. చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే మ్యాప్ బొమ్మ పోయి, దాని చోట ఇలాంటి లింకు మిగులుతుంది:

```
https://maps.google.com/?q=17.14050,79.62360
```

ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె మారితే 11 మీటర్లు, ఐదోది మారితే మీటరు పైచిలుకు తేడా వస్తుంది. ఇన్ని అంకెలు చూసి అంత కచ్చితమని నమ్మేయకూడదు. ఆరుబయట ఆకాశం కనిపించే చోట మామూలు ఫోన్ ఐదు మీటర్ల లోపు చెప్పగలదు. అపార్ట్‌మెంట్ల మధ్య, సెల్లార్లో, ఇంటి లోపల అది పదుల మీటర్లు తప్పవచ్చు. వైఫై రూటర్ల ఆధారంగా చోటుని లెక్కగట్టినప్పుడైతే, ఇల్లు మారి రూటర్ తెచ్చుకున్నవాళ్ల ఫోన్ కొన్నాళ్లు పాత వీధినే చూపించవచ్చు. పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, యాప్‌కి కచ్చితమైన చోటు కాకుండా ఉజ్జాయింపు చోటు మాత్రమే ఇచ్చే వీలుంది. ఆండ్రాయిడ్‌లో ఆ ఉజ్జాయింపు సుమారు మూడు చదరపు కిలోమీటర్లు. చుక్క సన్నగానే కనిపిస్తుంది, దాని వెనక ఒక పేట మొత్తం ఉండవచ్చు.

పిన్ ఏం రుజువు చేస్తుందన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాదకద్రవ్యాల కేసులో నిందితుడైన ఒక నైజీరియా పౌరుడికి ఢిల్లీ హైకోర్టు 2022లో బెయిలిచ్చింది. గూగుల్ మ్యాప్‌లో పిన్ పెట్టి, తన చోటు దర్యాప్తు అధికారికి తెలిసేలా చూడాలని ఒక షరతు పెట్టింది. ఫ్రాంక్ వైటస్ వర్సెస్ నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో పేరుతో ఆ షరతు జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం ముందుకొచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇక్కడే ఉంది. ఇది గోప్యతకి భంగమా కాదా అని తేల్చడానికి ముందు, అసలు పిన్ ఎలా పనిచేస్తుందో చెప్పమని కోర్టు గూగుల్‌నే అడిగింది. పిన్ పంచుకోవడం పూర్తిగా వాడేవాళ్ల చేతిలోనే ఉంటుందని, దానివల్ల మనిషినిగానీ ఫోన్‌నిగానీ అప్పటికప్పుడు వెంబడించడం కుదరదని గూగుల్ అఫిడవిట్‌లో చెప్పింది.

2024 జులై 8న తీర్పు వచ్చింది. నిందితుడి ప్రతి కదలికనీ పోలీసులు గమనిస్తూ ఉండేలా చేసే బెయిల్ షరతు 21వ అధికరణం కింద ఉన్న గోప్యత హక్కుని దెబ్బతీస్తుందని కోర్టు చెప్పింది. ఈ పిన్ షరతు పిన్ వల్ల సాంకేతికంగా ఏమవుతుందో చూసుకోకుండానే పెట్టినదని, దానివల్ల ఉపయోగం లేదని తేల్చి, దాన్ని తీసేసింది. అంటే ఆ షరతు పైకి చూస్తే ఇరవైనాలుగు గంటల కాపలా. లోపల చూస్తే నిందితుడు తనకి నచ్చిన చోట పెట్టుకోగలిగిన చుక్క.

మరి పిన్ దేనికీ రుజువు కాదా? ఒక్కదానికి అవుతుంది. ఈ నంబరు నుంచి, ఈ సమయానికి, ఈ రెండు అంకెలు వచ్చాయి అన్నంత వరకే అది చెప్పగలదు. లైవ్ దానికన్నా ఒక అడుగు ముందుంటుంది, ఎందుకంటే కదిలే చుక్కని వేలితో నడిపించలేం. అయినా ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో దొంగ లొకేషన్ ఇచ్చే యాప్‌ని ఎంచుకునే వీలు ఉండనే ఉంది. అదేమీ లేకపోయినా, లైవ్ చెప్పేది ఫోన్ సంగతే. ఆటోలో మరిచిపోయిన ఫోన్ కూడా లైవ్‌లో ఊరంతా తిరుగుతుంది.

లైవ్‌కి ఇంకో లోటుంది, చాలామంది గమనించనిది. వాట్సాప్‌లో అది పదిహేను నిమిషాలకో, గంటకో, ఎనిమిది గంటలకో ముగిసిపోతుంది. ముగిశాక చాట్‌లో మిగిలే బొమ్మ, పంచుకోవడం మొదలుపెట్టిన చోటుది. దాన్ని నొక్కితే చివరిసారి అప్‌డేట్ అయిన చోటు కనిపిస్తుంది. మధ్యలో నడిచిన దారి అక్కడ ఉండదు. మా తమ్ముడు ఆ రాత్రి నకిరేకల్ మీదుగా వెళ్లాడని చూపించమంటే నా ఫోన్ చూపించలేదు, అమ్మ చెప్పాలి. నడుస్తున్నప్పుడు అంత బలంగా కనిపించేది ముగిశాక పిన్ అంత కూడా మిగలదు.

ఇక అడ్రస్. "ప్లాట్ నంబర్ ఫలానా, సర్వే నంబర్ ఫలానా" అని టైప్ చేసిన వాక్యాన్ని మనం చాలా తేలిగ్గా తీసుకుంటాం. పంపినవాళ్లు అక్కడున్నారని అది ఏమాత్రం రుజువు చేయదు, నిజమే. కానీ వాళ్లు ఏమన్నారన్నదానికి మూడింటిలో గట్టి సాక్ష్యం అదే.

మా ఎదురింటి మాస్టారు రిటైరయ్యాక ఊరి బయట ప్లాట్ కొనబోయారు. మధ్యవర్తి పిన్ పంపాడు. పిన్ పట్టుకుని వెళ్తే రోడ్డు పక్కనే చదునైన స్థలం, వేపచెట్టు, బోరు. మాస్టారికి నచ్చింది. అడ్వాన్సు ఇచ్చే ముందు నేను ఒక్కటే అడిగాను, సర్వే నంబరూ ప్లాట్ నంబరూ నాలుగు హద్దులూ టైప్ చేసి పంపమనండి అని. రెండు రోజులు మళ్లీ మళ్లీ పిన్నే వచ్చింది. మూడో రోజు నంబర్లు వచ్చాయి. వాటితో ఈసీ తీయించి, లేఅవుట్ నకలు పక్కన పెట్టుకుని చూస్తే ఆ నంబరు ప్లాట్ వెనక వరుసలో ఉంది, వాగు పక్కన. పిన్ చూపించింది ఒక స్థలం, రిజిస్టర్ అయ్యేది ఇంకో స్థలం. పిన్ ఒక్కటే ఉండి ఉంటే రేపు "చేయి జారి పక్కన పడింది" అనవచ్చు. నంబర్లు టైప్ చేశాక అలా అనడానికి లేదు, ఎందుకంటే ఆ నంబర్లని రిజిస్ట్రార్ ఆఫీసులో సరిచూసుకోవచ్చు. మాస్టారు అడ్వాన్సు ఇవ్వలేదు.

ఇవన్నీ కోర్టు మెట్లెక్కే రోజు వస్తే స్క్రీన్‌షాట్ చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం రికార్డు ఇచ్చేవాళ్లు, ఇంకో భాగం నిపుణులు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ రాయాలి. అందుకే అసలు ఫోన్ నుంచి అసలు మెసేజ్ పోకూడదు. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉన్న చాట్‌లో వచ్చిన పిన్, ఈ లెక్కలోకి రానట్టే.

పోయిన నెల మా తమ్ముడు మళ్లీ రాత్రి బయల్దేరాడు. ఈసారి లైవ్‌తో పాటు, ఆగిన ప్రతిచోటా ఒక వాక్యం టైప్ చేశాడు. "కోదాడ, బంకులో ఉన్నా, పెట్రోలు పోయిస్తున్నా, 11:50." అమ్మ చుక్కని చూడటం మానలేదు. అయితే ముందు దాని పక్కనున్న సమయం చదివింది, కళ్లజోడు సర్దుకుని.