తొమ్మిదేళ్ల పిల్లలకు కలం స్నేహం

కలం స్నేహం అంటే ఉత్తరాల మీద నడిచే స్నేహం. నాలుగో తరగతి పిల్లలకు రాసే అలవాటు చేయడానికి ఇది కాపీ పుస్తకం కంటే మెరుగు. రాసింది చదివి జవాబిచ్చే నేస్తం ఒకరు ఎదురుచూస్తుంటారు మరి.

అందుకే తప్పకుండా జవాబు రాసేవాళ్లనే ఎంచుకోవాలి. వేరే ఊళ్లో ఉన్న మేనత్త కూతురో, బడి మారి వెళ్లిన స్నేహితుడో అయితే మంచిది. ముఖపరిచయం లేని పిల్లలైతే రెండు బడుల టీచర్లు మాట్లాడుకుని, బడి చిరునామాలతోనే ఉత్తరాలు నడపడం క్షేమం. ఉత్తరం అందిన వారంలోగా జవాబు వేయించాలని పెద్దలు ముందే అనుకోవాలి. జవాబు రాకపోతే పిల్లలకు ఉత్సాహం పోతుంది.

పోస్టాఫీసులో దొరికే ఇన్‌లాండ్ లెటర్ ఈ వయసుకు సరిగ్గా సరిపోతుంది. రాసే చోటు కొంచెమే కాబట్టి పిల్లలు బెదరరు. అయితే అందులో ఏమీ పెట్టి పంపకూడదు. వేసిన బొమ్మ పంపాలంటే కవరు కావాలి. ఆరంకెల పిన్‌కోడుతో సహా చిరునామా పిల్లలే రాయాలి, పెద్దలు సరిచూడాలి.

అసలు చిక్కు ఏం రాయాలన్నదే. ‘మా పిల్లి పిల్లల్ని పెట్టింది. చాలా బాగున్నాయి’ అని రాసి చాలామంది ఆగిపోతారు. అప్పుడు పెద్దలు వాక్యాలు అందించకూడదు, ప్రశ్నలు అడగాలి. ఎక్కడ పెట్టింది? ఎన్ని? దగ్గరికి వెళ్తే ఏం చేసింది? పిల్లలు నోటితో చెప్పిందే కాగితం మీదికి వస్తే ఉత్తరం ఇలా మారుతుంది: ‘మా పిల్లి బియ్యం డబ్బా వెనకాల మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది. ఇంకా కళ్లు తెరవలేదు. నాన్న డబ్బా జరపబోతే పిల్లి బుస్సుమంది. వాటికి పేర్లు నువ్వు చెప్తావా?’ చివరి ప్రశ్న ముఖ్యం, అవతలివాళ్లు జవాబు మొదలుపెట్టేది దానితోనే.

ఇలాగే బడిలో ఆడే ఆట నియమాలు, ఇంటి నుంచి బడికి దారి పటం, మధ్యాహ్నం అన్నాల దగ్గర జరిగిన తగువు రాయవచ్చు. పొడుపు కథ రాసి, విడుపు తర్వాతి ఉత్తరంలో చెప్తాననడం పిల్లలకు భలే ఇష్టం. విషయాలు అయిపోతే ఒకే కథను ఇద్దరూ వంతులవారీగా పెంచుకుంటూ పోవచ్చు.

‘ఇక్కడ మేమంతా కుశలం, అక్కడ మీరంతా కుశలమని తలుస్తాను’ అని ఉంటే అది పెద్దలు చెప్పి రాయించిన ఉత్తరమే. గుణింతాలు, వత్తులు తప్పినచోటల్లా ఎర్ర గీతలు పెట్టినా పిల్లలు వెనక్కి తగ్గుతారు. అతికించే ముందు ఒకసారి పైకి చదివిస్తే, మింగేసిన అక్షరాలు చాలావరకు వాళ్లకే దొరుకుతాయి. అర్థం మారిపోయే తప్పు మిగిలితే అదొక్కటి చూపిస్తే చాలు.

రెండో ఉత్తరం నుంచి, వచ్చిన ఉత్తరాన్ని పక్కన తెరిచి పెట్టుకుని, అందులోని ప్రశ్నలకు జవాబు రాశాకే కొత్త కబురు మొదలుపెట్టాలి.