రచయితను ముందు తనతోనే పోల్చాలి

అమెరికా కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో ‘పబ్లియస్’ అనే కలం పేరుతో 85 వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం మొదట న్యూయార్క్ పత్రికల్లోనే అచ్చయ్యాయి. ఆ పేరు వెనక ఉన్నది ముగ్గురు: అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే. ఏ వ్యాసం ఎవరిదో హామిల్టన్ ఒక జాబితా రాసిపెట్టి, 1804లో ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు. తర్వాత మాడిసన్ చెప్పిన లెక్క దానితో కలవలేదు. 12 వ్యాసాలు తనవేనని ఇద్దరి తరఫునా వాదన మిగిలిపోయింది. చరిత్రకారులు నూటయాభై ఏళ్లపాటు వాదించుకున్నారు. ఇద్దరి రాజకీయ వాదమూ ఒకటే కాబట్టి, విషయాన్ని బట్టి చెప్పడం కుదరలేదు.

రాసే తీరును కొలిచి రచయితను గుర్తించే పద్ధతిని స్టైలోమెట్రీ అంటారు. దాన్ని చదువుకునేవారు ఇప్పటికీ మొదట చూసేది ఈ కేసునే. పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో, ఎక్కడ నిలబడుతుందో రెండూ ఇందులో ఉన్నాయి.

మొదటి దెబ్బ వాక్యాల పొడవు దగ్గర తగిలింది. 1941లో ఫ్రెడరిక్ మోస్టెల్లర్, ఫ్రెడరిక్ విలియమ్స్ అనే ఇద్దరు, రచయిత ఎవరో తెలిసిన వ్యాసాలను తీసుకుని ఒక్కో వాక్యంలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టారు. సగటున హామిల్టన్ వాక్యానికి 34.55 మాటలు, మాడిసన్ వాక్యానికి 34.59. అంత శ్రమపడి లెక్కపెడితే ఇద్దరూ ఒకేలా తేలారు.

దీన్నిబట్టి వాక్యం పొడవు పనికిరాదనుకోకూడదు. సగటు ఒక్కటే చూస్తే చాలదన్నది అసలు పాఠం. ఒకరు అన్నీ మధ్యస్థమైన వాక్యాలే రాస్తారు. మరొకరు నాలుగు మాటల వాక్యం పక్కనే నలభై మాటల వాక్యం పెడతారు. ఇద్దరి సగటూ ఒకటే కావచ్చు. అందుకే పది మాటలలోపు వాక్యాలు నూటికి ఎన్ని, ఇరవై దాటినవి ఎన్ని అని విడగొట్టి చూడాలి. మరో లెక్క కూడా ఉంది. అదే రచయిత పాత వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చి, తనలో తనకే ఎంత తేడా ఉందో చూడాలి. ఒకే మనిషి వ్యాసాల మధ్య సగటు ఆరేడు మాటలు అటూ ఇటూ ఊగుతుంటే, కొత్త వ్యాసంలో కనబడే నాలుగు మాటల తేడాకు విలువ లేదు. ఎవరితో పోల్చాలన్నా ముందు ఈ ఊగిసలాట ఎంతో తెలియాలి.

తర్వాత మాటల వంతు వచ్చింది. డగ్లస్ అడెయిర్ అనే చరిత్రకారుడు ఒక చిన్న తేడా పట్టుకున్నారు. ఒకే అర్థమున్న రెండు రూపాల్లో హామిల్టన్ ‘వైల్’ వాడతాడు, మాడిసన్ ‘వైల్‌స్ట్’ వాడతాడు. వివాదంలో ఉన్న వ్యాసాల్లో కొన్నింటిలో మాడిసన్ రూపమే కనిపించింది. అయితే ఇలాంటి మాట అరుదుగా వస్తుంది. కొన్ని వ్యాసాల్లో రెండు రూపాల్లో ఏదీ ఉండదు. ఒక్కసారి కనబడ్డా, దాన్ని పత్రికవాళ్లు మార్చి ఉండరని చెప్పలేం.

అందుకని మోస్టెల్లర్, డేవిడ్ వాలెస్ కలిసి, ఎవరూ ఆలోచించి ఎంచుకోని చిన్న మాటల మీద దృష్టి పెట్టారు. ‘యుద్ధం’, ‘పన్ను’ లాంటి మాటలు విషయాన్ని బట్టి వస్తాయి గనుక పక్కన పెట్టారు. మిగిలినవాటిలో ‘అపాన్’ గట్టి సాక్ష్యమైంది. వెయ్యి మాటలకు హామిల్టన్ దాన్ని సుమారు మూడుసార్లు వాడతాడు. మాడిసన్ నాలుగైదు వేల మాటలకు ఒకసారి వాడితే గొప్ప.

రెండు వేల మాటల వ్యాసం ఒకటి చేతిలో ఉందనుకుందాం. హామిల్టన్‌దైతే ‘అపాన్’ ఆరుసార్లు రావాలి. మాడిసన్‌దైతే ఒకసారి వచ్చినా రావచ్చు, అసలు రాకపోవచ్చు. లెక్కపెడితే ఒక్కసారీ లేదు. ఆరుసార్లు రావలసినది పూర్తిగా మాయమవడం అరుదు కాబట్టి తక్కెడ మాడిసన్ వైపు బాగా మొగ్గుతుంది. కానీ మాటలు సమానంగా చల్లినట్టు ఉండవు. ఒకచోట గుంపుగా వచ్చి, ఇంకోచోట కనబడకుండా పోతాయి. పాత వ్యాసాల్లో హామిల్టన్ ఎప్పుడైనా అంత తక్కువ వాడాడా అని వెతికాకే ఆ మొగ్గును నమ్మాలి. ఇద్దరూ ఇలాంటి మాటలు 30 ఎంచి, అన్నిటి సాక్ష్యాన్నీ కలిపారు. 1964లో వచ్చిన వాళ్ల పుస్తకం 12 వ్యాసాలూ మాడిసన్‌వే అని తేల్చింది. వాటిలో 55వ వ్యాసానికి మాత్రం సాక్ష్యం మిగతావాటికంటే బలహీనంగా ఉందని కూడా చెప్పింది.

విరామచిహ్నాలు ఈ కేసులో అక్కరకు రాలేదు. ఆ రోజుల్లో కామాలూ సెమికోలన్లూ చాలావరకు అచ్చుకూర్చేవాళ్ల చేతిలో ఉండేవి. వాటిని లెక్కపెడితే తేలేది ప్రెస్సు అలవాటే. ఈ చిక్కు ఇప్పుడూ ఉంది. సబ్ ఎడిటరూ ప్రూఫ్ రీడరూ దిద్దిన కథ నుంచి రచయిత కామాలు తెలియవు. ఉత్తరాలు, డైరీలు, దిద్దని టైపు ప్రతులు దొరికితే మాత్రం ఇవి మంచి సాక్ష్యం. ప్రశ్నార్థకానికి ముందు ఖాళీ వదలడం, వాక్యం చివర రెండే చుక్కలు పెట్టడం, ‘కానీ’ తర్వాత ప్రతిసారీ కామా పెట్టడం లాంటివి రాసేవారికే తెలియని అలవాట్లు. నూరు వాక్యాలకు ఎన్నిసార్లు అని లెక్క కడితే, చిన్న ఉత్తరాన్నీ పెద్ద ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

తెలుగు రచనలను ఇలా కొలవాలంటే ఇంగ్లిష్ అంకెలు పనికిరావు. మన విభక్తులు మాటకు అతుక్కుంటాయి గనుక మన వాక్యంలో మాటలు తక్కువ పడతాయి. చిన్న మాటల జతలు మనకూ ఉన్నాయి: కాబట్టి - కనుక, వంటి - లాంటి, మీద - పై. కానీ ‘బల్ల మీద’లో ‘మీద’ విడిగా దొరుకుతుంది. ‘బల్లపై’లో ‘పై’ అతుక్కుపోయి, మాటల్ని మాత్రమే వెతికే లెక్కకు చిక్కదు. ఆ లెక్కను నమ్మితే, ఎప్పుడూ ‘పై’ వాడే రచయిత దాన్ని అసలు వాడడని తేలుతుంది. ‘వెళ్లిపోయాడు’ను ఒకరు కలిపి, ఒకరు విడదీసి రాస్తారు. ఏది ఒక మాటో ముందే నియమం పెట్టుకుని, అన్ని నమూనాలకూ అదే వర్తింపజేయాలి.

నమూనాల ఎంపికలోనే చాలామంది పొరబడతారు. వివాదంలో ఉన్నది పత్రికా వ్యాసమైతే, పాత నమూనాలూ ఆ కాలపు పత్రికా వ్యాసాలే కావాలి. ఇరవై ఏళ్ల కిందటి కథలతో పోలిస్తే, కాలంతో వచ్చిన మార్పు మరో మనిషి చేతిలా కనబడుతుంది. నమూనాలను రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో అలవాట్లు వెతికి, రెండోదాంట్లో అవి నిలుస్తాయో లేదో పరీక్షించాలి. రచయిత ఎవరో తెలిసిన వ్యాసాలనే గుర్తించలేని కొలత తెలియనివాటి గురించి ఏమీ చెప్పలేదు.

చివరి పరిమితి పద్ధతిలోనే ఉంది. ఇద్దరి నమూనాలే ఇస్తే అది ఆ ఇద్దరిలో దగ్గరివారిని చూపిస్తుంది. అసలు రాసింది మూడో మనిషైనా అలాగే చూపిస్తుంది. పబ్లియస్ వ్యాసాల విషయంలో పోటీ ఇద్దరి మధ్యేనని చరిత్ర ముందే చెప్పింది కాబట్టి లెక్క నిలబడింది. అలాంటి ఆధారం లేనిచోట ‘ఇది ఫలానావారిదే’ అని రాయకూడదు. ‘ఈ నమూనాల్లో ఫలానావారి తీరుకు దగ్గరగా ఉంది’ అన్నంతవరకే రాయాలి.